48 గంటలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

కృష్ణా డెల్టాలో వరి కోతలు మొదలైతే జిల్లా అధికారుల సమీక్షలు కూడా మొదలవుతాయి. మొవ్వ మండలంలో కూచిపూడి చుట్టుపక్కల పొలాల్లో కోసిన ధాన్యం ఎన్ని టన్నులు కొన్నారు, సంచులు చాలాయా, డబ్బు పడిందా అని మచిలీపట్నం నుంచి రోజూ అడుగుతారు. ఇలాంటి జవాబులను ఒక్క పేజీలోకి తెచ్చే పట్టికనే స్కోర్‌కార్డు (పనితీరు పట్టిక) అంటారు. అందులో నాలుగైదు సూచికలుంటాయి. ఒక్కో సూచికకు ఒక లక్ష్యం, దాని పక్కన ఒక రంగు ఉంటాయి. లక్ష్యం అందితే పచ్చ, కొంచెం తగ్గితే పసుపు, బాగా తగ్గితే ఎరుపు.

మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు. వెలగపూడి సచివాలయంలో 2017 నవంబరులోనే రియల్ టైమ్ గవర్నెన్స్ కేంద్రం మొదలైంది. శాఖల సూచికలను ముఖ్యమంత్రి డ్యాష్‌బోర్డులో చూపడం అప్పటికే అలవాటైన పని. 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర-2047 దార్శనిక పత్రం వచ్చాక సూచికల మాట నియోజకవర్గాల దాకా, మండలాల దాకా దిగింది. కాబట్టి ఈ రంగులు ఎలా పుడతాయో ఇప్పుడు మామూలు పాఠకుడికీ తెలియాలి. ధాన్యం డబ్బు ఒక్కదాన్నే తీసుకుని చూద్దాం.

2024 ఖరీఫ్‌లో ధాన్యం డబ్బు 48 గంటల్లో రైతు ఖాతాలో వేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. లక్ష్యం స్పష్టంగానే ఉంది. దాన్ని సూచికగా రాయబోతేనే ప్రశ్నలు పుడతాయి.

ఒక మండలంలో ఒక రోజు లెక్కను ఊహించుకుందాం. ఇవి వివరణ కోసం నేను వేసుకున్న అంకెలు, ఏ మండలానివీ కావు. 200 మంది రైతులకు డబ్బు పడింది. వారిలో 180 మందికి సరిగ్గా 24 గంటలు పట్టింది. మిగిలిన 20 మందికి పది రోజులు, అంటే 240 గంటలు పట్టింది. మరో 30 మందికి 48 గంటలు దాటినా ఇంకా పడలేదు.

ఈ రోజుకు ఏ రంగు వేయాలి?

సూచికను 'చెల్లింపుకు పట్టిన సగటు సమయం' అని రాస్తే సగటు 45.6 గంటలు వస్తుంది. అది 48 లోపే ఉంది కనుక పచ్చ. పది రోజులు బ్యాంకు చుట్టూ తిరిగిన 20 మంది ఆ సగటులో కలిసిపోయారు.

సూచికను 'డబ్బు పడిన రైతుల్లో 48 గంటల్లోపు పడినవారి శాతం' అని రాద్దాం. 95 శాతం, ఆపైన ఉంటే పచ్చ. 85 నుంచి 95 లోపు పసుపు. 85 కంటే తక్కువైతే ఎరుపు అనుకుందాం. 200లో 180 అంటే 90 శాతం. పసుపు.

ఇప్పుడు 'పడిన రైతుల్లో' అనే మాట తీసేసి 'డబ్బు పడాల్సిన రైతుల్లో' అని రాద్దాం. అప్పుడు ఎదురుచూస్తున్న 30 మంది కూడా లెక్కలోకి వస్తారు. 230లో 180 అంటే 78 శాతం. ఎరుపు.

రైతులు వాళ్లే, రోజు కూడా అదే. మారింది ఒక వాక్యం, దానితో మూడు రంగులు వచ్చాయి. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అంకె దిద్దలేదు. స్కోర్‌కార్డులో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది నిర్వచనమని నేను అనేది ఇందుకే. రంగుల హద్దులు ఆ తర్వాతి పని. నా మాట అడిగితే మూడో వాక్యమే సరైనది. డబ్బు అందనివాడు కనబడని లెక్క చెల్లింపుల లెక్క కాదు.

ఇంకో ప్రశ్న మిగిలింది. 48 గంటల గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

ధాన్యం నడిచే దారి చూడండి. రైతు సేవా కేంద్రంలో నమూనా తీసి మీటరుతో తేమ చూస్తారు. 17 శాతం లోపు ఉండాలి. సంచులకెత్తి, కాటా వేసి, లారీకి ఎక్కిస్తారు. మిల్లులో సరుకు దించుకుని అందినట్టు నమోదు చేస్తారు. ఆ తర్వాతే ఎఫ్‌టీవో (నగదు బదిలీ ఉత్తర్వు) తయారై డబ్బు బ్యాంకుకు కదులుతుంది. గడియారాన్ని ఎఫ్‌టీవో నుంచి మొదలుపెడితే మిల్లు గేటు ముందు లారీ మూడు రోజులు నిలబడినా అది లెక్కలోకి రాదు. రైతుకు మాత్రం కాటా వేసిన రోజే ధాన్యం చేయి దాటిపోయింది. పైగా సూచిక పచ్చగా ఉండాలన్న ఒత్తిడి పెరిగితే, ఎఫ్‌టీవో వేయడమే ఆలస్యం చేసే దారి తెరుచుకుంటుంది.

దీనికి మందు రెండు గడియారాలు పెట్టడమే. కాటా నుంచి మిల్లు నమోదు దాకా ఒకటి, అక్కడి నుంచి ఖాతాలో జమ అయ్యేదాకా ఒకటి. మొదటిది ఎర్రబడితే లారీలనో మిల్లునో చూడాలి. రెండోది ఎర్రబడితే నిధులనో బ్యాంకు ఖాతా వివరాలనో చూడాలి. ఒకే గడియారంలో రెండూ కలిపేస్తే ఎరుపు కనబడుతుంది గానీ ఎవరికి ఫోను చేయాలో తెలియదు.

హద్దులు ఎలా పెట్టాలో నేర్చుకోవడానికి దూరం పోనక్కరలేదు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. ఈ అంకెలు వరదకు ముందే రాసి ఉన్నాయి. నీళ్లు వచ్చాక కూర్చుని ఎంతకు ఎరుపు అనుకుందామని ఎవరూ చర్చించరు. హెచ్చరిక జారీ చేస్తే లంక గ్రామాలను అప్రమత్తం చేయడం లాంటి పనులు దాని వెంటే మొదలవుతాయి. 2024 సెప్టెంబరులో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రెండో హెచ్చరికకు అది దాదాపు రెట్టింపు. రంగు ఒక్కటే సరిపోదని కూడా ఇది చెబుతుంది. ఎరుపులో ఎంత లోతున ఉన్నామో, పెరుగుతున్నామో తగ్గుతున్నామో అంకె పక్కనుంటేనే తెలుస్తుంది.

ధాన్యం స్కోర్‌కార్డుకూ అంతే. హద్దులు సీజనుకు ముందే రాయాలి, సీజను మధ్యలో కదపకూడదు. పసుపు వస్తే మండలంలో ఎవరు చూస్తారో, ఎరుపు రెండు రోజులు నిలిస్తే జాయింట్ కలెక్టరు దాకా ఎవరు తీసుకెళతారో పట్టికలోనే ఉండాలి. శాతం పక్కన రైతుల సంఖ్య వేయాలి. నలుగురే అమ్మిన కేంద్రంలో ఒక్కరికి ఆలస్యమైతే 75 శాతం వచ్చి ఎర్రబడుతుంది. నాలుగు వందల మంది అమ్మిన కేంద్రంలోని ఎరుపు, ఈ ఎరుపు ఒకటి కావు. రంగుతోపాటు దాని పేరు అక్షరాల్లో కూడా రాయాలి. ఆఫీసులో జిరాక్సు తీస్తే మూడు రంగులూ బూడిద రంగే అవుతాయి, రంగులు పోల్చుకోలేని చూపు ఉన్నవారూ మనలో ఉన్నారు.

సూచికలు ఎన్ని ఉండాలి? ధాన్యం కొనుగోలుకు నాలుగు చాలు. పైన చెప్పిన రెండు గడియారాలు, రాబోయే మూడు రోజులకు సంచుల నిల్వ, కేంద్రంలో చూసిన తేమకూ మిల్లులో చూసిన తేమకూ మధ్య తేడా ఎక్కువగా వచ్చిన లారీల శాతం. ఎన్ని టన్నులు కొన్నారన్నది పెద్ద అంకె, పత్రికలకు పనికొస్తుంది. కానీ కోతలు ముదిరితే అది తనంతట తానే పెరుగుతుంది, రేపు ఏం చేయాలో చెప్పదు. దాన్ని రంగు లేకుండా కింద ఒక వరుసలో వేస్తే చాలు.

స్కోర్‌కార్డుకు తీరని పరిమితి ఒకటుంది. నమోదైనదే అందులో కనబడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటే వేళకు డెల్టాలో వరి కోతకొచ్చి ఉంది. అలాంటి భయంలో రైతు కేంద్రానికి పోకుండా దొరికిన ధరకు కళ్లంలోనే దళారికి అమ్మేస్తే ఏ గడియారమూ మొదలుకాదు. పట్టిక పచ్చగానే ఉంటుంది. అందుకే ఈ-పంటలో నమోదైన విస్తీర్ణాన్ని బట్టి వేసిన దిగుబడి అంచనాతో కేంద్రాలకు వచ్చిన ధాన్యాన్ని వారానికొకసారైనా పోల్చి చూడాలి.

ఈసారి కోతలకు ముందు ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద, చెల్లింపుల శాతం కిందే, ఆ శాతాన్ని ఎలా లెక్కించారో రెండు వాక్యాల్లో తెలుగులో రాయించమని జిల్లా అధికారులకు నా విన్నపం. గడియారం కాటా దగ్గర మొదలైందా, మిల్లు దగ్గర మొదలైందా అన్నది ఆ రెండు వాక్యాల్లో ఉండాలి. అది రాసి లేకపోతే కేంద్రంలో అడగండి.