పండగ వేలంలో మన పాట ఎంత?

కోయంబేడు పూల అంగడిలో పండగ ముందురోజు మల్లెపూల ధర ఎలా ఎగురుతుందో చెన్నైలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పూలు అవే, కొనేవాళ్ళు పెరుగుతారు, అంతే. ఫోనులో మనం చూసే ప్రకటనల చోటుకీ అలాగే ధర ఎగురుతుంది. తేడా ఒక్కటే. అక్కడ వేలం పాడేవాళ్ళు కళ్ళకి కనపడరు, పాట ఒక్క సెకను కూడా ఉండదు.

మా పిన్ని ఇంట్లోంచే నెగమం కాటన్ చీరలు అమ్ముతుంది. సొంత వెబ్‌సైటు ఉంది, గూగుల్‌లో ప్రకటనలు ఇస్తుంది, చీరలు కొరియర్‌లో పంపుతుంది. ప్రకటనల లెక్క రాసేది నేను. ఆమె ఏడాది సంపాదనలో పెద్ద వాటా దసరా, దీపావళి మధ్య వారాల్లోనే వస్తుంది. 2025 సెప్టెంబరు చివర్లో క్లిక్కు ధర అమాంతం పెరిగేసరికి, "ఇంత పోసి ప్రకటన ఇవ్వాలా, ఆపేద్దామా?" అని పిన్ని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు ఎలా కట్టాలో ఇక్కడ రాస్తున్నాను. లెక్క సులువుగా తెలియడానికి అంకెలు గుండ్రంగా చేశాను.

ముందు వేలం సంగతి. ఎవరో ఒకరు ఫోనులో "నెగమం కాటన్ చీర" అని వెతికిన ప్రతిసారీ ఒక కొత్త వేలం జరుగుతుంది. ఒక్క క్లిక్కుకి ఎక్కువలో ఎక్కువ ఎంత ఇస్తామో మనం ముందే చెప్పి ఉంచుతాం. దాన్నే బిడ్డు అంటారు. బిడ్డు ఒక్కటే చూసి చోటు ఇవ్వరు. మన ప్రకటన వెతికిన మాటకి సరిపోతుందా, నొక్కితే తెరుచుకునే పేజీ బాగుందా అనేవి కూడా కలిపి చూస్తారు. గెలిచాక మనం చెప్పినంతా కట్టనక్కర్లేదు, ఆ చోటు నిలుపుకోవడానికి ఎంత కావాలో అంతే కడతాం. అందుకే పిన్ని 8 రూపాయల బిడ్డు పెట్టినా మామూలు నెలల్లో సగటున క్లిక్కుకి 6 రూపాయలే పడేది. పండగకి పెద్ద కొట్లు కూడా పాటలోకి దిగుతాయి. ఆ ఏడాది అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ పండగ అమ్మకాలు రెండూ సెప్టెంబరు 23నే మొదలయ్యాయి. మన పక్కవాడి పాట పెరిగితే, మనం ఏమీ మార్చకపోయినా, మనం కట్టేది పెరుగుతుంది.

బిడ్డు వేరు, బడ్జెట్ వేరు. ఒక్క క్లిక్కుకి ఎంత అనేది బిడ్డు. రోజు మొత్తానికి ఎంత అనేది బడ్జెట్. పిన్ని రోజువారీ బడ్జెట్ 600 రూపాయలు. క్లిక్కు 6 రూపాయలైతే రోజుకి 100 మంది సైటుకి వచ్చేవాళ్ళు.

ఇప్పుడు అసలు లెక్క: ఒక క్లిక్కు మనకి ఎంత విలువ? 1500 రూపాయల చీరలో చీర ఖరీదు 1000, కొరియర్, ప్యాకింగ్ కలిసి 110, డబ్బు వసూలు రుసుము, వెనక్కి వచ్చే చీరల నష్టం సగటున 90 పోతే, చేతిలో మిగిలేది 300. మామూలు నెలలో 100 మంది వస్తే ముగ్గురు కొంటారు. అంటే 100 క్లిక్కులకి 900 రూపాయలు, క్లిక్కుకి 9. దానికి 6 రూపాయలు కడితే 3 మిగులుతుంది. రోజుకి 300 లాభం.

పండగ సీజన్‌లో క్లిక్కు ధర 6 నుంచి 10కి పోయింది. పాత విలువ 9తో పోలిస్తే ఇది నష్టమే, పిన్ని భయమూ అదే. కానీ విలువ కూడా పాతది కాదు. పండగకి వెతికేవాళ్ళు ఊరికే చూసి పోవడానికి రారు, అమ్మకో అత్తగారికో పెట్టాల్సిన చీర కోసం వస్తారు. ఆ వారాల్లో 100 మందిలో ఐదుగురు కొన్నారు. అంటే క్లిక్కు విలువ 15. పది ఇచ్చి పదిహేను తెచ్చుకుంటున్నాం. మామూలు నెలలో 3 మిగిలే చోట ఇప్పుడు 5 మిగులుతోంది. కాబట్టి ధర పెరిగిందని ఆపేయడం సరికాదు. ధర ఎంత పెరిగింది అని కాకుండా, ధర ముందుందా, విలువ ముందుందా అని చూడాలి.

అయితే బడ్జెట్ మాటేమిటి? 600 అలాగే ఉంచితే క్లిక్కుకి 10 చొప్పున 60 మందే వస్తారు, మధ్యాహ్నానికే డబ్బు అయిపోతుంది. ఆడవాళ్ళు పనులన్నీ ముగించుకుని రాత్రి తొమ్మిదికి చీరలు చూసేటప్పుడు మన ప్రకటన కనపడదు. 60 క్లిక్కులకి వచ్చేది 900, ఖర్చు 600 పోతే 300. బడ్జెట్ 1000 చేస్తే 100 క్లిక్కులు, 1500 రాబడి, 500 లాభం.

మరి 1000 పెట్టే స్తోమత లేనివాళ్ళు ఏం చేయాలి? ఆపక్కర్లేదు, బిడ్డు కొంచెం దించాలి. పై చోటు పోయి కింద చోటు వస్తుంది, సగటు ధర 9కి దిగుతుంది. అదే 600కి సుమారు 66 మంది వస్తారు, 390 దాకా మిగులుతుంది. పైగా ప్రకటన రోజంతా నిలుస్తుంది. మధ్యాహ్నానికే ఖాళీ అయ్యే బడ్జెట్ అంటే, ఉన్న డబ్బుకి బిడ్డు ఎక్కువైందని అర్థం.

జబ్బు ఎక్కడుందో నివేదికలో రెండు గడులు చెబుతాయి. `Search lost IS (budget)` ఎక్కువగా ఉంటే, డబ్బు చాలక మనం వేలంలోకే పోలేదని. `Search lost IS (rank)` ఎక్కువగా ఉంటే, వేలంలో ఉన్నాం కానీ బిడ్డో, ప్రకటన నాణ్యతో చాలక ఓడిపోయామని. మొదటిదానికి మందు బడ్జెట్ పెంచడం, లేదా బిడ్డు దించడం. రెండోదానికి బిడ్డు పెంచడం, లేదా పేజీని బాగుచేయడం. ఒకదాని మందు ఇంకోదానికి పని చేయదు.

"క్లిక్కు విలువ 15 కదా, 15 దాకా పాడేద్దాం" అని పిన్ని అంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. బిడ్డు బాగా పెంచితే రోజుకి 130 క్లిక్కులు వస్తాయనుకోండి, సగటు ధర 13. ఖర్చు 1690, రాబడి 1950, మిగిలేది 260. ఇంతకుముందు 100 క్లిక్కులకే 500 మిగిలింది! సగటు చూస్తే 13 అనేది 15 కంటే తక్కువే, లాభం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ అదనంగా వచ్చిన 30 క్లిక్కుల కోసం మనం అదనంగా కట్టింది 690. అంటే ఒక్కోటి 23 రూపాయలు. బిడ్డు పెంచితే కొత్త క్లిక్కులకే కాదు, అంతకుముందు చవగ్గా వచ్చిన వాటికి కూడా ఎక్కువ కట్టాల్సి వస్తుంది. అందుకే బిడ్డు పెంచిన ప్రతిసారీ సగటు కాదు, చివర వచ్చిన క్లిక్కులు ఎంతకి పడ్డాయో చూడాలి. అది 15 దాటితే ఒక మెట్టు వెనక్కి రావాలి.

ఇంకో చిక్కు నివేదిక చదవడంలో ఉంది. సెప్టెంబరు 23న వచ్చిన 100 మందిలో రెండు రోజుల తర్వాత చూస్తే ఇద్దరే కొన్నట్టు ఉంది. వారం పోయాక అదే తేదీ వరసలో ఐదుగురు కనిపించారు. జీతం పడేదాకా ఆగి, ఇంట్లో అడిగి, ఆ తర్వాత కొంటారు కదా. గూగుల్ ఆ అమ్మకాన్ని కొన్న రోజు కింద కాక, నొక్కిన రోజు కింద రాస్తుంది. కాబట్టి నిన్నటి వరస చూసి ఈరోజు బిడ్డు నరికేయకూడదు, కనీసం వారం పాతబడిన రోజులనే నమ్మాలి. చేతిలో డబ్బు సంగతి కూడా ముందే చూసుకోవాలి. రోజువారీ బడ్జెట్ అనేది సగటు మాత్రమే. గిరాకీ ఉన్న రోజున గూగుల్ దానికి రెండింతల దాకా ఖర్చు పెట్టగలదు, నెల మొత్తంలో సరిచేస్తుంది. 1000 అని రాసినవాళ్ళు ఒక రోజు 2000 పోయినా తట్టుకునేలా ఉండాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన తేదీ. అది దీపావళి తేదీ కాదు. ఆ ఏడాది ఇక్కడ దీపావళి అక్టోబరు 20. పిన్ని కొరియర్ బయటి ఊళ్ళకి చేరడానికి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి 14 దాటాక ఆర్డరు చేసిన చీర పండగకి అందదు. కొనేవాళ్ళు అది చూసి వెనక్కి పోతారు, 100 మందిలో ఇద్దరే కొంటారు. క్లిక్కు విలువ 15 నుంచి 6కి పడిపోతుంది. కానీ వేలంలో ధర పడదు, ఇంకా పెరుగుతుంది. వీధిలో కొట్టు ఉన్నవాళ్ళు, రేపటికే చేర్చగల పెద్ద సంస్థలు చివరి రోజుదాకా పాడుతూనే ఉంటారు. క్లిక్కు 12 రూపాయలు, విలువ 6. రోజుకి 100 క్లిక్కులు కొంటే 600 నష్టం, ఐదు రోజులకి 3000. అంటే అంతకుముందు ఆరు రోజులు కష్టపడి మిగుల్చుకున్నదంతా ఈ ఐదు రోజుల్లో పోతుంది. అమ్మకాలు జరుగుతూనే ఉంటాయి కాబట్టి ఈ నష్టం వెంటనే కంటికి ఆనదు.

బిడ్డును యంత్రానికే వదిలేసిన వాళ్ళకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అది గత రోజుల అమ్మకాలు చూసి ముందుకి పాడుతుంది, కొరియర్ సంగతి దానికి తెలీదు. రాబోయే కొద్ది రోజుల్లో కొనేవాళ్ళు ఇంతమేర తగ్గుతారనో పెరుగుతారనో చెప్పడానికి `Seasonality adjustments` అనే అమరిక ఉంది. అది వారం లోపు మార్పులకే సరిపోతుంది, నెలంతా పెట్టేది కాదు.

14వ తేదీ రాత్రి మేము బయటి ఊళ్ళకి ప్రకటన ఆపేశాం. చెన్నై ఒక్కటే ఉంచాం. ఊళ్ళో అయితే బండి సర్వీసులో అదే రోజు చీర చేరుతుంది కాబట్టి ఇక్కడ 100కి ఐదుగురు కొనడం తగ్గలేదు. బడ్జెట్ 300కి దించాం. క్లిక్కు 12 చొప్పున రోజుకి 25 మంది, మిగిలింది 75. చిన్న మొత్తమే, కానీ నష్టం కాదు. పండగ దాటాక పోటీదారులు తప్పుకుంటారు, క్లిక్కు చవకవుతుంది. చవగ్గా ఉంది కదా అని మళ్ళీ 1000 పెట్టకూడదు. అప్పుడు కూడా 100 మందిలో ఎంతమంది కొంటున్నారో చూసుకుని, ఆ విలువకే బిడ్డు కట్టాలి.

2026లో దీపావళి నవంబరు 8. పిన్ని గోడమీది క్యాలెండరులో నేను నవంబరు 2 చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. కింద "బయటి ఊళ్ళు ఆపాలి" అని రాసి పెట్టాను.