బీరువా ఖరీదు ఏ ఖాతాలో తేలుతుంది?

షాపులో 13,000 రూపాయలకు అమ్మే స్టీలు బీరువాను చేయడానికి కార్ఖానాకు ఎంత పడింది? రేకులు కొన్న బిల్లు ఉంది, పనివాళ్ల హాజరు పట్టీ ఉంది, షెడ్డు అద్దె రసీదు ఉంది, కరెంటు బిల్లు ఉంది. ఒక్క బీరువాకు ఎంతయిందో మాత్రం వీటిలో ఏ కాగితమూ చెప్పదు. చాలా కార్ఖానాల్లో ఓనరు చేతి అంచనాతోనే రేటు కడతాడు. బేరం కుదిరినన్నాళ్లూ ఆ అంచనా సరైనదే అనిపిస్తుంది.

పుస్తకాలు సరిగ్గా రాస్తే ఆ ఖరీదు జర్నల్ ఎంట్రీల్లోంచే తేలుతుంది. పాత పద్ధతిలో పెద్ద ఫ్యాక్టరీలు రెండు వరసల పుస్తకాలు నడిపేవి. అప్పులు, బాకీలు, బ్యాంకు, పన్నుల కోసం ఒకటి. సరుకు ఖరీదు కట్టడానికి కాస్ట్ లెడ్జర్ అని ఇంకొకటి. రెండిట్లో లాభం రెండు రకాలుగా వచ్చేది. ఎందుకు తేడా వచ్చిందో రాబట్టడానికి మళ్లీ ఒక పట్టిక తయారుచేయాల్సి వచ్చేది. సమగ్ర ఖాతాల పద్ధతిలో ఈ తలనొప్పి లేదు. ఒకే లెడ్జర్‌లో సప్లయర్ బాకీ ఉంటుంది, బీరువా ఖరీదూ ఉంటుంది. సీఏ, సీఎంఏ ఇంటర్ చదివే పిల్లలు ఈ ఎంట్రీలను బట్టీ కొట్టి పరీక్ష రాసేస్తారు గానీ, ఒక నెల లెక్కను మొదటినుంచి చివరిదాకా వెంబడిస్తే బట్టీ కొట్టాల్సింది పెద్దగా ఏమీ ఉండదు.

ఒక చిన్న బీరువాల కార్ఖానా అనుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే. నెల మొదట్లో సరుకేమీ లేదు. 6 లక్షల రూపాయల రేకులు, తాళాలు, హ్యాండిళ్లు, రంగు, వెల్డింగ్ రాడ్లు అరువు మీద వచ్చాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,08,000.

స్టోర్స్ కంట్రోల్ ఖాతా డెబిట్ 6,00,000
ఇన్‌పుట్ జీఎస్టీ ఖాతా డెబిట్ 1,08,000
సప్లయర్ ఖాతా క్రెడిట్ 7,08,000

మామూలు వ్యాపారి పుస్తకంలో ఇది 'కొనుగోళ్లు' అనే ఖర్చు ఖాతాలోకి పోయేది. ఇక్కడ కొన్నంత మాత్రాన ఏదీ ఖర్చు కాదు, స్టోరులో ఉన్న ఆస్తి అవుతుంది. అమ్మకం పన్నులో తిరిగి తగ్గించుకునే జీఎస్టీని సరుకు ఖరీదులో కలపకూడదు. కలిపితే ప్రతి బీరువా మీదా లేని ఖర్చు ఎక్కుతుంది.

స్టోరులోంచి సరుకు కదిలేది ఇష్యూ స్లిప్పు మీద. బీరువాలకే నేరుగా పట్టే రేకు, తాళం, హ్యాండిలు, రంగు కలిపి 4,81,000 విలువైన సరుకు షాపు ఫ్లోరుకు వెళ్లింది. ఏ బీరువాకు ఎంతో విడదీయలేని రాడ్లు, ఎమెరీ పేపరు, థిన్నరు 20,000కు వాడారు.

తయారీలో ఉన్న సరుకు ఖాతా డెబిట్ 4,81,000
ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతా డెబిట్ 20,000
స్టోర్స్ కంట్రోల్ ఖాతా క్రెడిట్ 5,01,000

ఈ తయారీలో ఉన్న సరుకునే అకౌంటెంట్లు డబ్ల్యూఐపీ అంటారు. స్టోరులో ఇంకా 99,000 ఉండాలి. నెలాఖరున లెక్కబెడితే 96,000 ఉంది. ఆ 3,000 తరుగు ఎక్కడ వేయాలన్నది కారణాన్ని బట్టి ఉంటుంది. థిన్నరు ఆవిరి కావడం, తూకంలో తేడా లాంటి మామూలు తరుగైతే ఓవర్‌హెడ్‌లో వేస్తారు. దొంగతనమో, వానకు తడిసి తుప్పు పట్టడమో అయితే నేరుగా లాభనష్టాల ఖాతాకు. దొంగ ఎత్తుకుపోయిన రేకు ఖరీదును మిగిలిన బీరువాల మీద రుద్దడం న్యాయం కాదు కదా. మన కార్ఖానాలో అది మామూలు తరుగే అనుకుందాం.

ఇక కూలి. అందరి మొత్తం జీతం 1,80,000. పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి 20,000 పట్టుకుని చేతికిచ్చింది 1,60,000. చిన్న కార్ఖానాల పుస్తకాల్లో తప్పు ఎక్కువగా జరిగేది ఈ దగ్గరే. బ్యాంకులోంచి పోయిన 1,60,000నే కూలిగా రాసేస్తారు. మినహాయించిన 20,000 కూడా పనివాడి జీతమే, మనం అతని తరఫున కట్టేదే. కాబట్టి కూలి కంట్రోల్ ఖాతాకు డెబిట్ 1,80,000, బ్యాంకుకు క్రెడిట్ 1,60,000, కట్టాల్సిన మినహాయింపులకు క్రెడిట్ 20,000. ఖాతాలో మొత్తం చేరాక అప్పుడు పంపకం చేస్తారు.

తయారీలో ఉన్న సరుకు ఖాతా డెబిట్ 1,40,000
ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతా డెబిట్ 34,000
లాభనష్టాల ఖాతా డెబిట్ 6,000
కూలి కంట్రోల్ ఖాతా క్రెడిట్ 1,80,000

కటింగ్, బెండింగ్, వెల్డింగ్, రంగు పనివాళ్లు బీరువా మీదే గడిపిన సమయానికి 1,40,000. సూపర్‌వైజరు, హెల్పర్లు, వాచ్‌మన్‌కు 34,000. మిగిలిన 6,000 బెండింగ్ మెషీను పాడై, పనివాళ్లు జీతం మీద ఖాళీగా కూర్చున్న రోజులది. ఈ పంపకానికి ఆధారం జాబ్ కార్డు. దాన్ని రోజుకు రోజు రాయకుండా శనివారం సాయంత్రం ఒకేసారి గుర్తు తెచ్చుకుని నింపితే, ఖాళీ గంటలన్నీ బీరువాల ఖాతాలోకే పోతాయి. ఎవడూ "నేను ఖాళీగా కూర్చున్నాను సార్" అని రాసుకోడు.

ఓవర్‌హెడ్ ఖాతాలో అప్పటికే రాడ్లవి 20,000, కూలి 34,000, తరుగు 3,000 చేరాయి. అద్దె, కరెంటు, యజమాని వంతు పీఎఫ్ కలిపి 45,000, మెషీన్ల తరుగుదల 18,000 కూడా వచ్చి చేరితే మొత్తం 1,20,000. తరుగుదలకు చెల్లింపేమీ ఉండదు, మెషీన్ల ఖాతాను క్రెడిట్ చేస్తారు. అయినా బీరువా ఖరీదులో దానికీ వాటా ఉంది.

ఈ 1,20,000ను ఉన్నదున్నట్టు బీరువాల మీద వేయరు. నెల పూర్తయ్యేదాకా అసలు మొత్తం తెలియదు, ఈలోపు రేటు చెప్పాలి. పైగా పని తక్కువున్న నెలలో అద్దె మొత్తం కొద్ది బీరువాల మీద పడి, అదే బీరువా హఠాత్తుగా ఖరీదైనట్టు కనబడుతుంది. అందుకే ఏడాది మొదట్లోనే అంచనా వేసుకుంటారు. మన కార్ఖానా ఏడాదికి 14,40,000 ఓవర్‌హెడ్, 18,00,000 నేరు కూలి అనుకుంది. అంటే కూలిలో 80 శాతం. ఈ నెల నేరు కూలి 1,40,000 కాబట్టి బీరువాల మీద వేయాల్సింది 1,12,000.

తయారీలో ఉన్న సరుకు ఖాతా డెబిట్ 1,12,000
ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతా క్రెడిట్ 1,12,000

ఓవర్‌హెడ్ ఖాతాలో 8,000 మిగిలిపోయింది. నాకు ఈ లెక్క మొత్తంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఈ 8,000. ఖర్చు పెరిగి వచ్చింది కాదిది. నెలకు అనుకున్నది 1,20,000, అయిందీ అంతే. తగ్గింది పని. నెలకు 1,50,000 నేరు కూలి పని జరుగుతుందనుకుంటే 1,40,000దే జరిగింది. తగ్గిన 10,000లో 80 శాతమే ఈ 8,000. మెషీను పాడై ఖాళీగా పోయిన 6,000 కూలి పనిలోకి మళ్లి ఉంటే ఇందులో 4,800 బీరువాల్లోకి ఎక్కేసేది. అంటే ఆ బ్రేక్‌డౌన్ ఖరీదు మెకానిక్కుకు ఇచ్చిన డబ్బు కాక మరో 10,800. ఏ బిల్లులోనూ కనిపించని ఈ అంకె రెండు ఖాతాల్లోంచి బయటపడింది. మిగిలిన 3,200 ఎందుకు తగ్గిందో వెతకాల్సిన పని వేరే.

ఈ 8,000ను లాభనష్టాల ఖాతాకు పంపాలి. గోడౌనులో ఉన్న బీరువాల మీద వేసేసి స్టాకు విలువ పెంచుకోవాలని ఓనర్లకు అనిపించడం సహజం, ముఖ్యంగా బ్యాంకుకు లెక్క చూపించేటప్పుడు. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 దానికి ఒప్పుకోదు. అద్దె లాంటి స్థిర ఖర్చులను మామూలు ఉత్పత్తి సామర్థ్యం లెక్కనే సరుకు మీద వేయాలని, పని తగ్గినందుకు మిగిలింది ఆ కాలపు ఖర్చుగానే చూపాలని అది చెబుతుంది.

ఇప్పుడు తయారీలో ఉన్న సరుకు ఖాతా డెబిట్ వైపు 7,33,000 ఉంది. నెలాఖరుకు 66 బీరువాలు పూర్తయ్యాయి. మరో 8 ఫ్లోరు మీద సగంలో ఉన్నాయి. వాటికి సామానంతా వాడేశారు, కూలి సగమే పట్టింది. సామాను 74 బీరువాలకు పంచితే ఒక్కోదానికి 6,500. కూలిలో ఆ ఎనిమిదీ నాలుగు పూర్తి బీరువాలతో సమానం కాబట్టి 70కి పంచాలి, ఒక్కోదానికి 2,000. దాని మీద ఓవర్‌హెడ్ 1,600. పూర్తయిన బీరువా ఖరీదు 10,100. సగంలో ఉన్న ఎనిమిదింటి ఖరీదు 66,400.

తయారైన సరుకు ఖాతా డెబిట్ 6,66,600
తయారీలో ఉన్న సరుకు ఖాతా క్రెడిట్ 6,66,600

యాభై అమ్ముడుపోయాయి. అమ్మిన సరుకు ఖరీదు ఖాతాకు డెబిట్ 5,05,000, తయారైన సరుకు ఖాతాకు క్రెడిట్ అంతే. గోడౌనులో 16 బీరువాలు, 1,61,600 విలువతో మిగిలాయి. జీఎస్టీ కాక అమ్మకం 6,50,000. అందులోంచి ఖరీదు తీసేస్తే 1,45,000. డెలివరీ, షోరూము ఖర్చులు 35,000 తయారీ ఖరీదులో కలపరు, ఇక్కడే తీసేస్తారు. ఓవర్‌హెడ్ మిగులు 8,000, ఖాళీ కూలి 6,000 కూడా పోగా లాభం 96,000.

ఓనరు మాత్రం ఈ నెల నష్టమే అనుకుంటాడు. అతని లెక్కలో సరుకు 6,00,000, కూలి 1,80,000, తరుగుదలతో సహా ఇతర ఫ్యాక్టరీ ఖర్చులు 63,000, అమ్మకపు ఖర్చులు 35,000, మొత్తం 8,78,000. వచ్చింది 6,50,000. తేడా 2,28,000. స్టోరులో 96,000, ఫ్లోరు మీద 66,400, గోడౌనులో 1,61,600 కలిపితే 3,24,000. అందులోంచి 2,28,000 తీసేస్తే మళ్లీ అదే 96,000. రెండు దారులూ ఒకే అంకె దగ్గర కలవకపోతే ఎక్కడో ఒక ఎంట్రీ సగమే పడిందని అర్థం.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. షెడ్డు ఓనరు సొంతదైతే అద్దె అనేదే ఉండదు. ధర కట్టేటప్పుడు మాత్రం బయట షెడ్డుకు ఎంత ఇవ్వాల్సి వచ్చేదో కలుపుకోవాలి. పాత కాస్ట్ లెడ్జర్‌లో ఊహించిన అద్దె రాసుకునేవారు. ఒకే పుస్తకం ఉన్నచోట ఎవరికీ చెల్లించని అద్దెను ఖర్చుగా రాయడం కుదరదు కాబట్టి, దాన్ని కొటేషన్ కాగితం మీద విడిగా కలుపుకుంటారు.

పుస్తకం నిజం చెబుతోందో లేదో చూడాలంటే నెలాఖరున తయారీలో ఉన్న సరుకు ఖాతా నిల్వ పట్టుకుని ఫ్లోరు మీదికి వెళ్లాలి. నిల్వ 66,400 అని ఉండి, అక్కడ సగం బీరువాలు ఐదే ఉంటే, పూర్తయిన మూడింటిని తయారైన సరుకులోకి ఎక్కించలేదేమో చూడాలి, లేదా పాడైన వాటిని తుక్కులో పడేసి చెప్పలేదేమో అడగాలి. స్టోరు నిల్వ పుస్తకంలో ఎక్కువుండి, ఫ్లోరు మీద మాత్రం బీరువాలు ఎక్కువ కనిపిస్తే ఎవరో స్లిప్పు రాయకుండా రేకు తీసుకెళ్లారు. ఆ రేకు ఖరీదు ఎక్కని బీరువాలు పుస్తకంలో చవగ్గా కనబడతాయి, ఆ ధర చూసి సేల్స్‌మన్ తగ్గించి అమ్మేస్తాడు.