ఆవకాయ పేరు బిస్కెట్‌కి పెడితే?

మా వీధి చివరి పాల దుకాణంలో పొద్దున్నే ఆరోక్య పాల ప్యాకెట్ తీసుకుంటాం. సాయంత్రమయ్యేసరికి అదే దుకాణం ముందు పిల్లలు అరుణ్ ఐస్‌క్రీమ్ కావాలని పేచీ పెడతారు. ఎవరిదైనా పుట్టినరోజు వస్తే ఐబాకోకి వెళ్లి రెండేసి స్కూపులు తింటాం. ఈ మూడూ చెన్నైలోని హట్సన్ ఆగ్రో అనే ఒక్క కంపెనీవేనని మా ఇంట్లో చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. ప్యాకెట్ వెనక చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది. పాలు కొనేటప్పుడు వెనక్కి తిప్పి చదివేదెవరు?

అమూల్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వెన్న అమూల్, పాలు అమూల్, చీజ్ అమూల్, చాక్లెట్ అమూల్. 1996లో ఐస్‌క్రీమ్‌లోకి దిగినప్పుడూ కొత్త పేరు కోసం వెతుక్కోలేదు.

మార్కెటింగ్ వాళ్లు అమూల్ దారిని బ్రాండెడ్ హౌస్ అనీ, హట్సన్ దారిని హౌస్ ఆఫ్ బ్రాండ్స్ అనీ అంటారు. మన భాషలో చెప్పుకోవాలంటే మొదటిది ఇంటిపేరు పద్ధతి. ఇంట్లో ఎవరు పుట్టినా ముందు ఇంటిపేరే. ఒకడు మంచి మార్కులు తెచ్చుకుంటే అందరికీ గౌరవం, ఒకడు పోలీస్ స్టేషన్‌కి వెళితే అందరికీ తలవంపు. రెండోదాంట్లో పిల్లలందరికీ ఎవరి పేరు వాళ్లది. ఎవరి పరువు వాళ్లే సంపాదించుకోవాలి, పోయినా వాళ్లదే పోతుంది.

హట్సన్ ఈ దారిలోకి ఎలా వచ్చిందో చూస్తే సంగతి కొంత తెలుస్తుంది. ఆర్.జి. చంద్రమోగన్ 1970లో చెన్నైలో అరుణ్ పేరుతో ఐస్‌క్రీమ్ మొదలుపెట్టారు. పాల ప్యాకెట్లలోకి వచ్చింది 1995లో, అంటే ఇరవై అయిదేళ్ల తరవాత. అప్పటికి అరుణ్ అంటే జనానికి చల్లటి, తియ్యటి సరదా. అదే పేరు పొద్దున పసిపిల్లలకి పట్టే పాల మీద కనిపిస్తే తల్లికి ఏమనిపిస్తుంది? చెడుగా ఏమీ అనిపించకపోవచ్చు. కానీ ఆ పేరు వల్ల పాల మీద నమ్మకం పెరగడానికీ కారణం లేదు. ఆరోక్య అనగానే ఆరోగ్యం వినిపిస్తుంది, పాలకి కావలసింది అదే. ఇది నా ఊహే గాని, ఆ పేరు విన్నవాళ్లెవరికైనా ఇలాగే తోస్తుంది.

పశువుల దాణా దగ్గర ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. హట్సన్ దాణాని సంతోస అనే వేరే పేరుతో అమ్ముతుంది. మనిషి తాగే పాల పేరు గేదె తినే బస్తా మీద వద్దనుకోవడం సహజమే. కానీ గుజరాత్ ఖేడా జిల్లా పాల సంఘం దాణా బస్తా మీద ఏముంటుందో తెలుసా? అమూల్ దాణ్. మనం వెన్న రాసుకుని తినే పేరే. ఇది పొరపాటున జరిగింది కాదు. దాణా కొనే రైతు ఆ సంఘంలో సభ్యుడు. పొద్దునా సాయంత్రం పాలు పోసేది అక్కడే, డబ్బులు అందుకునేది అక్కడే. అతనికి అమూల్ అంటే తన సంఘం. మన కంటికి వింతగా ఉన్న పేరు అతని కంటికి భరోసా. అందుకే పేరు సరుకుకి నప్పుతుందా అని అడిగితే చాలదు, కొనేవాడికి ఆ పేరు ఏం గుర్తు తెస్తుందని అడగాలి.

ఇప్పుడు మనకి దగ్గరి లెక్క ఒకటి వేద్దాం. గోదావరి జిల్లాల్లో ఒక పచ్చళ్ల కంపెనీ ఉందనుకోండి. ఆవకాయ, గోంగూర, ఉసిరి. ఏడాదికి అయిదు కోట్ల అమ్మకం. ఇప్పుడు మూడు కొత్త సరుకులు తేవాలని యజమాని ఆలోచన: కందిపొడి, కారప్పొడి లాంటి పొడులు, చికెన్ పచ్చడి, పిల్లలకి రాగి బిస్కెట్లు. అన్నిటికీ పాత పేరే పెట్టాలా?

అసలు ముందు తేల్చుకోవాల్సింది, తనకి పేరంటూ ఉందా లేదా అన్నది. దీనికి సర్వేలు అక్కర్లేదు. బాగా అమ్ముడయ్యే ఊళ్లో ఒక కిరాణా కొట్టు దగ్గర సాయంత్రం రెండు గంటలు నిలబడి, వచ్చినవాళ్లు నోటితో ఏమడుగుతున్నారో వినాలి. 'ఫలానా వాళ్ల ఆవకాయ ఇవ్వండి' అంటే పేరుంది. 'ఆవకాయ సీసా ఒకటివ్వండి' అంటే, కొట్టువాడు చేతికందింది ఇస్తే పట్టుకెళుతుంటే, అమ్ముడవుతున్నది సరుకు, పేరు కాదు. అలాంటప్పుడు పాత పేరు కొత్త సరుకుకి పెట్టినా కలిసొచ్చేది ఏమీ లేదు. చాలామంది యజమానులు తమ పేరు విలువని టర్నోవర్‌లో చూసుకుంటారు. అది కొట్టువాడికిచ్చిన మార్జిన్ వల్ల వచ్చిన టర్నోవర్ కూడా కావచ్చు.

మన కంపెనీకి పేరుందనే అనుకుందాం. పొడుల విషయంలో తర్జనభర్జన అవసరం లేదు. కొనే చెయ్యి అదే, కొట్టులో అర అదే, నెయ్యి వేసుకుని కలుపుకునే మొదటి ముద్ద అదే. ఆవకాయ బాగుంటే పొడి కూడా బాగుంటుందని ఎవరైనా అనుకుంటారు. ఒకటే పేరు పెట్టేయొచ్చు.

చికెన్ పచ్చడి దగ్గర చిక్కు మొదలవుతుంది. ఆవకాయ కొనేవాళ్లలో మాంసం ముట్టని ఇళ్లు ఎన్నో ఉంటాయి. ప్యాకెట్ మీద గోధుమరంగు త్రికోణం వేస్తాం, చట్ట ప్రకారం అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ అదే పేరు, అదే రంగు లేబుల్, అదే సైజు సీసా పక్కపక్కన కనిపిస్తే ఆ ఇంటావిడకి వచ్చే అనుమానం ఒక్కటే: రెండూ ఒకే వంటగదిలో కలుపుతున్నారా? ఆ అనుమానానికి లేబుల్ మీద జవాబు రాయలేం. కొత్తగా వచ్చే చికెన్ గిరాకీ కోసం ఉన్న ఆవకాయ గిరాకీని కదిలించుకోవడం నా దృష్టిలో తప్పుడు బేరం. దీనికి వేరే పేరే పెట్టాలి, వీలైతే తయారీ కూడా వేరే షెడ్‌లో జరగాలి.

అయితే వేరే పేరు పెట్టి దాక్కోవచ్చనుకుంటే కుదరదు. తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు ప్యాకెట్ మీద ఉండి తీరాలి. వాట్సాప్ గ్రూపుల కాలంలో ఆ నంబరు ఫొటో తీసి పెట్టడానికి అర నిమిషం పట్టదు. వేరే పేరు గిరాకీకి ఇబ్బంది లేకుండా చేస్తుంది గాని, కంపెనీకి ముసుగు కాదు.

రాగి బిస్కెట్లకి రెండు దారులూ ఉన్నాయి. పచ్చడి పేరు వినగానే నోట్లో నీళ్లూరతాయి, నిజమే. కానీ ఆ నోరూరింపులో ఉన్నది నూనె, ఉప్పు, కారం. పిల్లాడి డబ్బాలో బిస్కెట్ పెట్టే తల్లి వెతికేవి అవి కావు. ఇలాంటి చోట చాలా కంపెనీలు మధ్యే మార్గం పడతాయి. టాటా కన్స్యూమర్ 2021లో చిరుధాన్యాల సరుకులు చేసే సోల్‌ఫుల్‌ని కొన్నప్పుడు ఆ పేరు తీసెయ్యలేదు, ముందు తమ పేరు చేర్చి టాటా సోల్‌ఫుల్ అంది. అదే కంపెనీ 2024లో చింగ్స్ సీక్రెట్‌ని కొన్నాక దాన్ని టాటా చింగ్స్ అనలేదు. పిల్లలకి పెట్టే రాగికి టాటా అనే నమ్మకం పనికొస్తుంది. షెజ్వాన్ చట్నీకి కావలసింది అల్లరి, దానికి పెద్దమనిషి పేరు అడ్డం. మన తెలుగువాళ్ల కంపెనీల్లో చూస్తే, రామోజీ గ్రూపు ఆహార సరుకుల్లో పచ్చళ్లూ పొడులూ మసాలాలూ అన్నీ ప్రియ పేరుతోనే వచ్చాయి. చిరుధాన్యాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం సబల అని కొత్త పేరు పెట్టారు.

మరి అన్నిటికీ వేరే పేర్లే పెట్టేస్తే గొడవే లేదు కదా అనిపిస్తుంది. అక్కడే డబ్బు అడ్డం వస్తుంది. మన కంపెనీ అమ్మకంలో నాలుగు శాతం, అంటే ఏడాదికి ఇరవై లక్షలు ప్రచారానికి తీస్తుందనుకోండి. ఒక పేరు మీద పెడితే రెండు మూడు జిల్లాల్లో హోర్డింగులు, బస్సుల వెనక బోర్డులు, కొట్ల ముందు పేరున్న రేకులు వస్తాయి. మూడు పేర్లకి పంచితే తలా ఆరేడు లక్షలు. ఒక్క పట్టణంలో ఒక సీజన్ గడవడానికి సరిపోతాయేమో. అమూల్ లాంటి పెద్ద సంస్థ కూడా ప్రకటనల ఖర్చుని అమ్మకంలో ఒక శాతం దరిదాపుల్లో ఉంచుకోగలిగిందంటే, ఐస్‌క్రీమ్ ప్రకటన చూసినవాడికి వెన్న కూడా గుర్తుకు రావడమే దానికి పెద్ద కారణం.

పైకి కనపడని ఖర్చులు ఇంకొన్ని ఉంటాయి. పౌచ్ ముద్రించాలంటే రంగుకో సిలిండర్ చొప్పున చెక్కించాలి. డిజైన్‌లో ఏడు రంగులుంటే ఏడు సిలిండర్లు. ఆపైన ముద్రించేవాళ్లు కొన్ని వందల కిలోల లామినేట్‌కి తక్కువ ఆర్డర్ తీసుకోరు. కొత్త పేరు నిలదొక్కుకోకపోతే ఆ రోల్స్ గోడౌన్‌లో దుమ్ము కొట్టుకుంటూ ఉంటాయి. ట్రేడ్‌మార్క్ ఫీజు మాత్రం పెద్ద లెక్కలోది కాదు. చిన్న సంస్థలకి ఆన్‌లైన్‌లో ఒక పేరుకి, ఒక తరగతికి 4,500 రూపాయలు, మిగతా కంపెనీలకి 9,000. నిలవ చేసిన కూరగాయలూ మాంసం సరుకులూ 29వ తరగతిలోకి, మసాలాలూ బిస్కెట్లూ 30వ తరగతిలోకి వస్తాయి. కాబట్టి ఒక్క పేరే వాడినా మన కంపెనీ రెండు తరగతుల్లోనూ దరఖాస్తు పెట్టాలి. పచ్చళ్లకి మాత్రమే రిజిస్టర్ చేయించి, అదే పేరుతో బిస్కెట్లు వేశాక, ఎవరో ముందే 30లో ఆ పేరు పట్టేశారని తెలిసి తలపట్టుకున్నవాళ్లని చూశాను. ఇంకొందరు ఎందుకైనా మంచిదని పది పేర్లు కట్టించి పెట్టుకుంటారు. అయిదేళ్లపాటు వాడకుండా వదిలేస్తే ఆ పేరు కొట్టేయించమని ఇంకొకరు అడగొచ్చు.

ఒకే పేరులో ఉన్న ప్రమాదానికి 2015 గుర్తు తెచ్చుకుంటే చాలు. ఆ జూన్‌లో సీసం, అజినోమోటో లేబుల్ వివాదంలో మ్యాగీ నూడుల్స్‌ని దేశమంతటా కొట్లలోంచి తీసేయించారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, పరీక్షలన్నీ అయ్యాక నవంబరులో నూడుల్స్ మళ్లీ వచ్చాయి. ఆ అయిదు నెలలూ మ్యాగీ సాస్ సీసా మీద కూడా అదే పసుపు ఎరుపు పేరుంది, దాని మీద ఏ ఆరోపణా లేకపోయినా. అదే నెస్లే అమ్మే నెస్కెఫే డబ్బా మీదా కిట్‌క్యాట్ మీదా ఆ పేరు లేదు.

తిరిగి మన పచ్చళ్ల కంపెనీకి వస్తే, నేను చెప్పగలిగింది ఇది: పొడులకి పాత పేరు, చికెన్ పచ్చడికి కొత్త పేరు, రాగి బిస్కెట్లకి కొత్త పేరు పెద్దగా వేసి అడుగున చిన్నగా పాత పేరు. కానీ మూడూ ఒకే ఏడాదిలో కాదు. మొదట పొడులు. వాటి మీద వచ్చిన డబ్బుతో చికెన్ పచ్చడి పేరుని ఒక్క జిల్లాలో పెంచాలి. రెండో ఆర్డర్ ఎన్ని కొట్ల నుంచి వచ్చిందో రాసుకోవాలి. మొదటి ఆర్డర్ సేల్స్‌మేన్ మొహం చూసి ఇస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. బిస్కెట్ల విషయానికొస్తే, పేరు ఆలోచించేముందు యజమాని తన డిస్ట్రిబ్యూటర్‌ని ఒక మాట అడగాలి. పచ్చడి సీసాలు ఎక్కించే ఆటోలోనే బిస్కెట్ల అట్టపెట్టెలు కూడా ఎక్కిస్తారా అని. ఆ నూనె వాసన పట్టిన బిస్కెట్‌ని ఏ పేరూ అమ్మిపెట్టలేదు.