రెండుసార్లు మార్పులంటే ఎంత పని?

ఫ్రీలాన్స్ వీడియో ఎడిటర్‌కి, పని ఇచ్చినవాళ్లకి మాట తేడా వచ్చేది రేటు దగ్గర కంటే మార్పుల దగ్గరే ఎక్కువ. రేటు చెప్పే మెయిల్‌లోనే ఆ సంగతి తేల్చుకోవాలి.

విజయవాడలో ఓ చీరల దుకాణం వాళ్లు దసరాకి వీడియో అడిగారనుకుందాం. షూటింగ్ వాళ్లే చేయించుకున్నారు. అప్పుడు మెయిల్ ఇలా మొదలవ్వచ్చు: "నమస్కారమండీ. మీరు పంపే రెండు గంటల ఫుటేజీలోంచి 60 సెకన్ల నిలువు వీడియో ఒకటి, తెలుగు సబ్‌టైటిల్స్‌తో చేసిస్తాను. మొత్తం 12,000 రూపాయలు. మ్యూజిక్ లైసెన్స్, వాయిస్ ఓవర్ ఇందులో లేవు." మొహమాటపడి ఆ చివరి వాక్యం వదిలేస్తే, ఆ ఖర్చు ఎడిటర్ జేబులోంచే పోతుంది.

ఇక మార్పులు. "0:14 దగ్గర ఎర్ర పట్టుచీర తీసేసి ఆకుపచ్చది పెట్టండి" అంటే కాసేపట్లో అయిపోతుంది. "ఇంకాస్త జోష్ కావాలి, పాట మార్చండి" అంటే అలా కాదు. షాట్లన్నీ పాట దరువుకి తగ్గట్టు కోసి ఉంటాయి. పాట మారితే ప్రతి కట్ జరుగుతుంది, దాంతోపాటు సబ్‌టైటిల్స్ కూడా జరుగుతాయి. దాదాపు మళ్లీ ఎడిట్ చేసినట్టే. రెండింటినీ "ఒక మార్పు" అనే లెక్కేస్తే ఎడిటర్ నష్టపోతాడు. అందుకే వివరంగా రాయాలి: "ఫస్ట్ కట్ చూశాక రెండుసార్లు మార్పులు చేస్తాను. ప్రతిసారీ అందరి అభిప్రాయాలూ కలిపి, ఏ సెకను దగ్గరో రాసి, ఒకే మెయిల్‌లో పంపండి. నా పొరపాట్లు సరిదిద్దడం ఈ లెక్కలోకి రాదు. మూడోసారి నుంచి ఒక్కోసారికి 1,500. ఓకే చేసిన పాటో స్క్రిప్టో మార్చాలంటే కొత్త రేటు." ఒకే మెయిల్ అని పట్టుబట్టడానికి కారణముంది. పొద్దున ఓనరు గారు వద్దన్న షాట్‌ని సాయంత్రం వాళ్లబ్బాయి వాట్సాప్‌లో మళ్లీ పెట్టమంటాడు.

డబ్బు విషయం సూటిగా చెప్పాలి. సగం, అంటే 6,000, పని మొదలుపెట్టే ముందు. చూడ్డానికి పంపే కాపీ మీద వాటర్‌మార్క్ ఉంటుంది. మిగతా సగం అందాక ఫైనల్ ఫైల్. పండగ అయిపోయాక బాకీ అడిగితే ఫోన్ ఎత్తేవాళ్లు తక్కువ.

బాకీ తర్వాత ఇస్తామంటే తేదీ రాయించుకోండి. ఉద్యమ్‌లో నమోదైన చిన్న వ్యాపారులకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అండగా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. లేకపోతే పని అందుకున్నాక 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం. తర్వాతి కొటేషన్ పంపేలోపే చేయించుకోండి.