ఒకే కేసు, రెండు కొలమానాలు: సహేతుకత, అనుపాత సూత్రం

ప్రభుత్వ నిర్ణయాన్ని న్యాయస్థానం సమీక్షించడం వేరు, అప్పీలు వినడం వేరు. అప్పీలులో జడ్జి నిర్ణయాన్నే మార్చి తన మాట చెప్పవచ్చు. న్యాయసమీక్షలో మాత్రం అధికారి తన పరిధి దాటాడా లేదా అన్నదే చూడాలి. అయితే ఆ పరిధిని ఎంత లోతుగా తరచి చూడాలి? ఈ ప్రశ్నకు సహేతుకత ప్రమాణం ఒక జవాబు చెబుతుంది. న్యాయవాదులు ప్రపోర్షనాలిటీ అని పిలిచే అనుపాత సూత్రం మరో జవాబు చెబుతుంది.

మొదటిది 1947లో ఇంగ్లండ్‌లోని వెడ్న్స్‌బరీ పట్టణం నుంచి వచ్చింది. అక్కడి పురపాలక సంస్థ ఒక సినిమా హాలుకు ఆదివారం ఆటలు వేసుకోవడానికి అనుమతిస్తూ, పదిహేనేళ్లలోపు పిల్లలను పెద్దలు వెంట ఉన్నా సరే రానివ్వకూడదని షరతు పెట్టింది. షరతు అన్యాయమని యాజమాన్యం కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. బుద్ధీ వివేకమూ ఉన్న ఏ అధికార సంస్థా చేయలేనంత అసంబద్ధమైన నిర్ణయమైతేనే జోక్యం చేసుకుంటామని లార్డ్ గ్రీన్ అన్నారు. జుట్టు ఎర్రగా ఉందని టీచరును ఉద్యోగంలోంచి తీసేయడం అలాంటి నిర్ణయానికి ఆయన ప్రస్తావించిన ఉదాహరణ. గడప ఎంత ఎత్తులో ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది. నిర్ణయం తప్పని జడ్జికి అనిపించినా చాలదు, అది ఎవరూ సమర్థించలేనిదై ఉండాలి.

ఆ ఎత్తు వల్ల ఏం జరుగుతుందో బ్రిటన్ సైన్యానికి సంబంధించిన ఒక కేసు చూపించింది. స్వలింగ సంపర్కులు సైన్యంలో ఉండరాదన్నది అప్పటి రక్షణశాఖ విధానం. వాయుసేన నర్సు జానెట్ స్మిత్, వాయుసేనలోనే పనిచేసిన గ్రేమ్ గ్రేడీ, నౌకాదళానికి చెందిన మరో ఇద్దరు ఆ కారణంతోనే ఉద్యోగాలు కోల్పోయారు. వాళ్ల పనితీరు మీద ఫిర్యాదేమీ లేదు. 1995లో వాళ్లు లండన్ కోర్టులను ఆశ్రయించారు. మొదట విన్న సైమన్ బ్రౌన్ వాదనల బరువు స్పష్టంగా ఉద్యోగుల వైపే ఉందని తీర్పులోనే రాశారు. అయినా కేసు కొట్టేశారు. ఆ విధానాన్ని పార్లమెంటు సమర్థించింది, సైనిక నిపుణులు అవసరమన్నారు, కాబట్టి దాన్ని పూర్తిగా అసంబద్ధం అనలేమన్నది కారణం. హక్కుకు తగిలే దెబ్బ పెద్దదయ్యేకొద్దీ ప్రభుత్వం చూపాల్సిన సమర్థన కూడా బలంగా ఉండాలని అప్పీలు కోర్టులో సర్ థామస్ బింగమ్ చెప్పారు. కానీ ఫలితం మారలేదు.

ఉద్యోగులు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 1999 సెప్టెంబరులో అదే సంఘటనల మీద తీర్పు తలకిందులైంది. ఈ కోర్టు అడిగిన ప్రశ్నలే వేరు. అనుపాత సూత్రాన్ని నేడు న్యాయస్థానాలు నాలుగు మెట్లుగా విడదీసి చెబుతున్నాయి. ఆ వరసలో ఈ కేసును చూస్తే తేడా బాగా అర్థమవుతుంది.

మొదటి మెట్టు లక్ష్యం. సైన్యం మనోబలాన్నీ, పోరాట సామర్థ్యాన్నీ కాపాడటం న్యాయమైన లక్ష్యమేనని కోర్టు ఒప్పుకుంది. రెండో మెట్టు, తీసుకున్న చర్యకూ ఆ లక్ష్యానికీ సంబంధం. ఇక్కడే ప్రభుత్వ వాదన తడబడింది. అది చూపించిన ఆధారం ప్రధానంగా తోటి సైనికుల అభిప్రాయాల సర్వే. మెజారిటీకి ఒక వర్గం మీద ఉన్న వ్యతిరేకత, జాతి విద్వేషం లాగే, దానంతటది హక్కుల మీద వేటుకు సమర్థన కాజాలదని కోర్టు తేల్చింది. మూడో మెట్టు అవసరం: తక్కువ నష్టంతో అదే పని జరగదా? మహిళలు, ఇతర జాతుల వాళ్లు సైన్యంలోకి వచ్చినప్పుడు సైన్యం ప్రవర్తనా నియమావళితో, క్రమశిక్షణతో నెట్టుకొచ్చింది. ఇక్కడ ఎందుకు కుదరదో ప్రభుత్వం చెప్పలేకపోయింది. విచారణ జరిపిన తీరు కూడా ఇదే ప్రశ్నకు తట్టుకోలేదు. ఉద్యోగులు విషయం ఒప్పుకున్న తర్వాత కూడా వాళ్ల సన్నిహిత జీవితం గురించి ప్రశ్నలు కొనసాగాయి. నాలుగో మెట్టు తూకం. ఒక మనిషి వ్యక్తిగత జీవితంలోని అత్యంత అంతరంగిక విషయం ఒక వైపు, ఆధారం లేని భయం మరో వైపు.

కోర్టు అక్కడితో ఆగలేదు. లండన్ కోర్టులు గడపను అంత ఎత్తున పెట్టడం వల్ల అసలు ప్రశ్న చర్చకే రాలేదని, కాబట్టి ఆ సమీక్ష బాధితులకు సరైన పరిహార మార్గం కాలేదని కూడా చెప్పింది. 2000 జనవరిలో బ్రిటన్ ఆ నిషేధాన్ని ఎత్తేసింది. మరుసటి ఏడాది డాలీ అనే ఖైదీ కేసులో, హక్కుల వ్యవహారాల్లో అనుపాత సూత్రాన్నే వాడాలని హౌస్ ఆఫ్ లార్డ్స్ స్పష్టం చేసింది.

చదువుకునే వారి సౌకర్యం కోసం రెండింటి తేడాలు ఇవి:

| అంశం | సహేతుకత | అనుపాత సూత్రం |
|---|---|---|
| అసలు ప్రశ్న | ఇలాంటి నిర్ణయం ఎవరైనా తీసుకోగలరా? | హక్కును ఇంతగా కుదించడం అవసరమా? |
| ఎవరు రుజువు చేయాలి | ప్రధానంగా ఫిర్యాదుదారు | హక్కుకు భంగం కలిగిందని తేలాక ప్రభుత్వం |
| ప్రత్యామ్నాయాల పరిశీలన | సాధారణంగా ఉండదు | తప్పనిసరి |
| అంశాల బరువు | అధికారికే వదిలేస్తుంది | కోర్టు స్వయంగా తూస్తుంది |
| సైన్యం కేసు ఫలితం | విధానం నిలిచింది | విధానం ఓడింది |

మన దేశంలో ఈ రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఏది ఎక్కడ వర్తిస్తుందో 2000 నవంబరులో ఓంకుమార్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచింది. ఆ తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఎం.జగన్నాథరావు. ప్రాథమిక స్వేచ్ఛలను కుదించే చట్టాలను మన కోర్టులు 1950 నుంచే, ఆ పేరు పెట్టకపోయినా, అనుపాత దృష్టితో పరీక్షిస్తున్నాయని ఆయన చూపించారు. అధికారి ఒకరి పట్ల వివక్ష చూపాడన్న ఆరోపణ వస్తే అనుపాత సూత్రం; నిర్ణయం ఏకపక్షంగా ఉందన్నది మాత్రమే ఫిర్యాదైతే వెడ్న్స్‌బరీ ప్రమాణం. క్రమశిక్షణా చర్యగా ఉద్యోగికి వేసే శిక్ష రెండో కోవలోకి వస్తుంది. శాఖాపరమైన శిక్ష కాస్త ఎక్కువైందన్న వాదన కోర్టులో చాలాసార్లు నిలవకపోవడానికి కారణం ఇదే.

అనుపాత సూత్రం వాడితే పౌరుడే గెలుస్తాడనుకోవడం పొరపాటు. 2018 ఆధార్ తీర్పు దీనికి నిదర్శనం. ప్రతి బ్యాంకు ఖాతాకూ ఆధార్ జత చేయాలి, లేకపోతే ఖాతా పనిచేయదు అన్న నిబంధనను మెజారిటీ న్యాయమూర్తులు కొట్టేశారు. నల్లధనాన్ని అరికట్టడం మంచి లక్ష్యమే. కానీ ఖాతాదారులందరినీ అనుమానితులుగా చూడటం ఎందుకు అవసరమో, ఇతర పద్ధతులు ఎందుకు చాలవో ప్రభుత్వం వివరించలేదు. అదే తీర్పు, అదే పరీక్షతో, పాన్‌కు ఆధార్ జత చేయడాన్ని సమర్థించింది. ఒకే వ్యక్తి పలు పాన్ కార్డులు తీసుకోవడాన్ని ఆపడానికి అది తగిన మార్గమని నమ్మింది. జస్టిస్ చంద్రచూడ్ మాత్రం ఆ పరీక్షతోనే మొత్తం ఆధార్ చట్టమే నిలవదని భిన్నాభిప్రాయం రాశారు.

ఈ సూత్రం మీద వచ్చే గట్టి విమర్శ కూడా ఇక్కడే ఉంది. మొదటి మూడు మెట్లలో ఆధారాలు మాట్లాడతాయి. నాలుగో మెట్టులో గోప్యత ఎంత బరువు, పన్ను ఎగవేత నివారణ ఎంత బరువు అన్నది జడ్జి చెప్పాలి. వాటికి ఉమ్మడి కొలత ఏదీ లేదు. అయినా ఈ పద్ధతిలో ఆ తూకం కారణాలతో సహా తీర్పులో రాయక తప్పదు, పై కోర్టు దాన్ని ప్రశ్నించవచ్చు. సహేతుకత పరీక్షలో ఆ తూకం చాలా వరకు అధికారి దగ్గరే ఉండిపోతుంది.

ఆచరణలో ఏ కేసైనా ముందుగా ఆగిపోయేది ఉత్తర్వు కాగితం దగ్గర. కశ్మీర్‌లో ఇంటర్నెట్ నిలిపివేత మీద 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసు తీర్పు ఇస్తూ, ఇలాంటి ఉత్తర్వులు కారణాలతో సహా ప్రచురించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. నిలిపివేత ఎంత ప్రాంతానికి, ఎన్ని రోజులకు, ఏ ఆధారంతో అన్నది ఉత్తర్వులో లేకపోతే, అది అవసరమైనంత మేరకే ఉందా అని అడగడానికి న్యాయస్థానం చేతిలో ఏమీ ఉండదు.