దీర్ఘవాక్యానువాదంలో క్రియాస్థానం, లయ: ‘మదాం బోవరీ’ టోపీ వర్ణన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి నవలల్లోని దీర్ఘవాక్యాలను ఆంగ్లంలోకి తెచ్చేటప్పుడు వాక్యం పొడవును నిలుపుకోవడం కంటే, అందులో విషయం ఏ వరుసలో పాఠకుడికి అందుతుందో ఆ వరుసను నిలుపుకోవడం కష్టం. గుస్తావ్ ఫ్లోబేర్ ‘మదాం బోవరీ’ మొదటి అధ్యాయంలోని టోపీ వర్ణనను, దానికి ఎలియనార్ మార్క్స్-ఏవ్‌లింగ్ చేసిన ఆంగ్లానువాదాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ సమస్యను వివరిస్తుంది.

కీలకపదాలు: అనువాదం, ఫ్లోబేర్, దీర్ఘవాక్యం, క్రియాస్థానం, అసంపూర్ణ భూతకాలం, లయ.

ఉపోద్ఘాతం:

‘మదాం బోవరీ’ 1856లో ‘రెవ్యూ ద పారీ’ పత్రికలో ధారావాహికగా వెలువడి, 1857లో పుస్తకరూపం పొందింది. ఫ్లోబేర్ తన వాక్యాలను బిగ్గరగా చదివి సరిచూసుకొనేవాడన్నది ప్రసిద్ధం. ఆయన వాక్యానికి అర్థంతోపాటు వినికిడి కూడా ప్రమాణమే. ఈ నవలను 1886లో మార్క్స్-ఏవ్‌లింగ్ ఆంగ్లీకరించారు. ఆ తరువాత వచ్చిన అనువాదాల్లో 2010 నాటి లిడియా డేవిస్ అనువాదం ఒకటి. ఒకే మూలానికి ఇన్ని అనువాదాలు రావడానికి గల కారణాల్లో వాక్యనిర్మాణ సమస్య ముఖ్యమైనది.

వాక్య స్వరూపం:

నవల ఆరంభంలో బడిలో కొత్తగా చేరిన షార్ల్ బోవరీ ఒక విచిత్రమైన టోపీతో కనిపిస్తాడు. దాన్ని వర్ణించే వాక్యం రెండు అర్ధవిరామాలతో మూడు భాగాలుగా విడిపోతుంది. మొదటి భాగంలో టోపీ అడుగున ఉన్న మూడు గుండ్రని చుట్లు ఉంటాయి. రెండో భాగంలో ఎర్రటి పట్టీతో వేరుపడిన వెల్వెట్, కుందేటి బొచ్చు ముక్కలు వస్తాయి. మూడో భాగంలో సంచి వంటి ఆకారం, దాని కొసన అట్టతో బిగిసిన బహుభుజి, అక్కడినుంచి మరీ సన్నని పొడవాటి తాడు, ఆ తాడు చివర బంగారు పోగుల కుచ్చు వంటిది కనిపిస్తాయి. పాఠకుడి చూపు అడుగునుంచి పైకి ఎక్కి, చివరికి తాడు వెంట కిందికి జారుతుంది.

ఈ కదలికను నడిపేది క్రియాస్థానమే. మొదటి భాగంలో కర్త ముందు, క్రియ తరువాత వస్తాయి. రెండో భాగంలోనూ, మూడో భాగంలోనూ క్రియ ముందు వచ్చి, కర్త వెనుక వస్తుంది. చివరి ఉపవాక్యంలో ‘వేలాడుతుండేది’ అనే అర్థమిచ్చే క్రియ మొదట వస్తుంది. ఆపైన తాడు వస్తుంది. ఏమి వేలాడుతున్నదో పాఠకుడికి అన్నిటికంటే ఆలస్యంగా తెలుస్తుంది. ఎంతో ఆడంబరంగా పేరుస్తూ వచ్చిన వాక్యం ఒక చిన్న కుచ్చు దగ్గర తేలిపోతుంది. హాస్యమంతా ఆ ఆలస్యంలోనే ఉంది.

ఆంగ్లంలో ఎదురయ్యే పరిమితి:

వర్ణనలో క్రియను కర్తకు ముందు ఉంచడం ఫ్రెంచి సాహిత్యభాషలో సహజం. ఆంగ్లంలో ఈ వెసులుబాటు పరిమితం. స్థలాన్నో క్రమాన్నో తెలిపే పదం ముందుండి, ‘రావడం’, ‘వేలాడడం’, ‘నిలవడం’ వంటి తేలికపాటి అకర్మక క్రియ ఉన్నప్పుడే అది చెవికి సహజంగా వినిపిస్తుంది. రెండో భాగంలో మూలక్రియకు ‘ఒకటి విడిచి ఒకటి రావడం’ అని అర్థం. దాన్ని అలాగే ఆంగ్లంలో కర్తకు ముందు ఉంచితే వాక్యం కుంటుతుంది.

మరో చిక్కు పదాల పొందికకు సంబంధించింది. ‘వేరుపడిన’ అనే అర్థమిచ్చే ఫ్రెంచి విశేషణం పుంలింగ బహువచనంలో ఉంటుంది. అందువల్ల అది నామానికి ముందే వచ్చినా దేనికి చెందుతుందో ప్రత్యయమే చూపుతుంది. ఆంగ్ల విశేషణానికి లింగవచనాలు లేవు. అక్కడ సామీప్యమే ఆధారం.

ఈ రెండు చిక్కులనూ మార్క్స్-ఏవ్‌లింగ్ ఎదుర్కొన్న తీరు గమనించదగింది. రెండో భాగంలో ఆమె మూలక్రియను వదిలి ‘వరుసగా వచ్చాయి’ అనే అర్థం గల తేలిక క్రియను ఎంచుకొని, క్రియను ముందే నిలిపారు. పట్టీ ప్రస్తావనను మాత్రం నామం తరువాతికి జరిపారు. మూడో భాగంలో ‘వచ్చింది’ అన్న క్రియనే విడిచిపెట్టి, ‘దాని తరువాత ఒక సంచి’ అన్న తీరులో ముగించుకున్నారు. చివరి ఉపవాక్యంలో ‘వేలాడడం’ ముందే ఉంది కాబట్టి కుచ్చు వాక్యాంతానికే చేరింది. అంటే ప్రధానమైన కదలిక దక్కింది. అయితే తాడు ‘మరీ’ సన్ననిదన్న మాట జారిపోయి, ‘సన్నని’ అన్నదే మిగిలింది. ‘మరీ’ అన్నది కథకుడి పరిహాసం. అది పోతే వాక్యం ఉత్త కొలతగా మారుతుంది.

దీర్ఘవాక్యం వెంటనే ఫ్లోబేర్ రెండు పొట్టి వాక్యాలను అర్ధవిరామంతో కలిపాడు. టోపీ కొత్తదని, దాని అంచు మెరుస్తున్నదని మాత్రమే అవి చెబుతాయి. ఫ్రెంచిలో వాటికి 4, 5 అక్షరాల ఉచ్చారణ ఉంది. మార్క్స్-ఏవ్‌లింగ్ ఆంగ్లంలో అవి 4, 3 అయ్యాయి. ఇక్కడ ఆమె సర్వనామానికి బదులు ‘టోపీ’ అనే నామాన్నే వాడారు. ఫ్రెంచిలో స్త్రీలింగ సర్వనామం టోపీని సులువుగా గుర్తుచేస్తుంది. ఆంగ్ల నపుంసక సర్వనామమైతే కుచ్చునో తాడునో సూచించే ప్రమాదముంది. కాబట్టి ఈ మార్పు అవసరమైనదే. పొడవు తరువాత వచ్చే పొట్టిదనం కూడా లయలో భాగమే. అనువాదకులు ఈ పొట్టి వాక్యాలను ముందరి వాక్యంలో కలిపేస్తే దీర్ఘవాక్యం తన బరువును కోల్పోతుంది.

అసంపూర్ణ భూతకాలం:

టోపీ వాక్యంలోని క్రియలన్నీ అసంపూర్ణ భూతకాలంలో ఉన్నాయి. ఫ్లోబేర్ శైలిలో ఈ కాలానికి ఉన్న ప్రాధాన్యాన్ని మార్సెల్ ప్రూస్ట్ 1920 నాటి వ్యాసంలో విశ్లేషించాడు. ఒక్కసారి జరిగి ముగిసిన పనికి ఫ్రెంచి కథనం వేరే భూతకాలాన్ని వాడుతుంది. ఆంగ్ల సామాన్య భూతకాలం ఈ రెండింటికీ ఒక్కటే.

వ్లదీమిర్ నబొకోవ్ తన ఉపన్యాసాల్లో మార్క్స్-ఏవ్‌లింగ్ అనువాదాన్ని ఈ విషయంలో విమర్శించాడు. అలవాటును తెలిపే చోట ఆంగ్ల సహాయక క్రియ ‘వుడ్’ వాడాలని సూచించాడు. తోస్త్‌లో ఎమ్మా తన కుక్కతో షికారుకు వెళ్లే ఘట్టంలో ఈ సూచన సరిపోతుంది. అది ఒకనాటి నడక కాదు, పదే పదే సాగిన నడక. సామాన్య భూతకాలంలో పెడితే ఆ విసుగు ఒక్క మధ్యాహ్నానికి కుదించుకుపోతుంది. కానీ అదే సూచనను టోపీ వాక్యానికి వర్తింపజేస్తే, టోపీ మాటిమాటికీ ‘మొదలవుతుండేది’ అన్న వింత అర్థం వస్తుంది. అక్కడి కాలం అలవాటును కాక, స్థితిని చెబుతుంది. కాబట్టి ప్రతి క్రియ దగ్గరా అది అలవాటా, స్థితియా, పాత్ర అంతరంగమా అని అడిగిన తరువాతే ఆంగ్లరూపాన్ని నిర్ణయించాలి.

కాలస్వరం:

ఆ కాలపు గొంతు పాతబడిన ఆంగ్ల పదాలతో రాదు. టోపీని ప్రవేశపెట్టే చోట ఫ్లోబేర్ వాడిన ‘మిశ్రశైలి’ అన్న మాట స్తంభాల వర్గీకరణకు చెందిన వాస్తుపదం. పిల్లవాడి టోపీకి కట్టడాల పరిభాషను తగిలించడమే ఎత్తిపొడుపు. ఆంగ్లంలోనూ ఆ వాస్తుపదం ఉంది. దానికి బదులు ‘కలగాపులగం’ వంటి మాట వేస్తే అర్థం అందుతుంది గాని, గాంభీర్యం నటించే కథకుడు మాయమవుతాడు. కాలస్వరం ఆనాటి వృత్తులు, వస్తువులు, శాస్త్రాల పేర్లను యథాతథమైన స్థాయిలో నిలపడంలో ఉంటుంది.

ముగింపు:

అనువాదం సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మూలంలో ప్రతి భాగపు చివరి పదాన్ని గుర్తించి, అనువాదంలోని చివరి పదంతో పోల్చి చూడడం ఒక మార్గం. టోపీ వాక్యంలో కుచ్చు చివర నిలిస్తే చూపు ప్రయాణం నిలిచినట్లే. అది మధ్యలోకి జరిగితే, అన్ని వివరాలూ ఉన్నా వాక్యం సామగ్రి పట్టికగా మిగులుతుంది. మార్క్స్-ఏవ్‌లింగ్ కొన్ని క్రియలనూ ఒక చిన్న విశేషణాన్నీ వదులుకొని ఈ వరుసను కాపాడారు. ‘మరీ’ అన్న మాటను తిరిగి చేర్చడానికి ఆంగ్లంలో ఒకే ఒక అక్షరం చాలు. తరువాతి అనువాదకులకు మిగిలిన పని అటువంటి చోట్లలోనే ఉంది.