కొత్త టీవీలో సినిమా సీరియల్‌లా ఎందుకు కనిపిస్తుంది?

పెద్ద టీవీ కొన్న ఇళ్లలో తరచూ వినిపించే మాట: "బొమ్మ భలే స్పష్టంగా ఉంది గానీ, సినిమా చూస్తుంటే సీరియల్ చూస్తున్నట్టుందేంటి?" కోట్లు పోసి వేసిన సెట్టు కాస్తా రంగులేసిన అట్టలా తేలిపోతుంది, హీరో మేకప్ తెలిసిపోతుంది. ఇలా అనిపిస్తే తప్పు మీ కళ్లది కాదు. సినిమాలో లేని బొమ్మల్ని టీవీ తనంతట తానే తయారుచేసి మధ్యలో కలుపుతోంది. దీన్నే మోషన్ స్మూతింగ్ అంటారు.

మూగచిత్రాల కాలంలో కెమెరా వేగానికి ఒక లెక్కంటూ లేదు. మాటలొచ్చాక శబ్దం నిలకడగా వినిపించాలి కాబట్టి సెకనుకు 24 ఫ్రేములు అని స్థిరపడింది. ఈనాటికీ సినిమాలన్నీ దాదాపు ఆ లెక్కనే తీస్తున్నారు. ఒక్కో ఫ్రేమ్‌కు షటర్ మామూలుగా సెకనులో 48వ వంతు సేపు తెరుచుకుంటుంది. ఆ కాస్త వ్యవధిలో ఊపిన చెయ్యి ఒకచోట ఆగినట్టు కాకుండా కొంచెం అలుక్కుపోయినట్టు పడుతుంది. ఆ మసక, ఆ తక్కువ ఫ్రేములు కలిసిందే మనం వెండితెర మీద చూసి అలవాటుపడ్డ కదలిక. వీడియో కెమెరాలతో తీసిన సీరియళ్లు, క్రికెట్, వార్తలు అలా కాదు. మన దేశంలో వాటి కదలిక సెకనుకు 50 సార్లు నమోదై వచ్చింది. అందుకే నున్నటి కదలిక కనబడగానే మనకు స్టూడియో గుర్తొస్తుంది.

ఇక టీవీ ప్యానెల్ సెకనుకు 60 సార్లో, 120 సార్లో బొమ్మ మారుస్తుంది. 60ని 24తో భాగిస్తే సరిగ్గా తెగదు. ఒక ఫ్రేమ్‌ను మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపించి సర్దుకోవాలి. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్లలో ఆ హెచ్చుతగ్గు కుదుపులా తెలుస్తుంది. పైగా ఎల్‌సీడీ తెర మీద ఒక్కో బొమ్మ తర్వాతిది వచ్చేదాకా కదలకుండా నిలిచి ఉంటుంది కాబట్టి, పరుగెత్తే వస్తువు మనకు మసకబారినట్టు ఉంటుంది. ఈ ఇబ్బందులకు విరుగుడుగా కంపెనీలు ఈ ఏర్పాటు తెచ్చాయి. షోరూములో పూలు, జలపాతాలు దీనివల్లే ముచ్చటగా ఉంటాయి. సినిమాకొచ్చేసరికే తంటా.

120 హెర్ట్జ్ టీవీలో హీరో పిట్టగోడ వెనక నుంచి నడిచి వస్తున్నాడనుకోండి. టీవీలోని చిప్ రెండు వరుస ఫ్రేముల్ని ముక్కలు ముక్కలుగా పోల్చి, ఏ ముక్క ఎటు జరిగిందో అంచనా వేసి, మధ్యలో నాలుగు కొత్త బొమ్మలు అల్లుతుంది. అంటే సెకనులో మీరు చూసే 120లో కెమెరా తీసినవి 24, మిగతా 96 ఊహించినవి. గోడ చాటున ఉన్న భుజం మొదటి ఫ్రేములో లేదు, రెండో దాంట్లో ప్రత్యక్షమైంది. మధ్యలో అదెక్కడుందో చిప్‌కు ఆధారం లేదు. దాంతో భుజం అంచు చుట్టూ నీళ్లలా కదిలే మసక పొర ఏర్పడుతుంది. ఫైట్లలో కదలిక మరీ జోరైతే చిప్ చేతులెత్తేస్తుంది. అప్పటిదాకా నున్నగా సాగింది ఉన్నట్టుండి 24కి పడిపోతుంది.

చిప్ ఎంత మెరుగైనా వింతగా అనిపించడం మాత్రం పోదని నా అభిప్రాయం. 2012లో 'ది హాబిట్' మొదటి భాగాన్ని నిజంగానే 48 ఫ్రేములతో తీస్తే, అందులో ఊహించిన ఫ్రేమ్ ఒక్కటీ లేకపోయినా చాలామంది ఇదే ఫిర్యాదు చేశారు. 2018లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌క్వారీ కలిసి దీన్ని ఆపేసి సినిమా చూడమని ఏకంగా ఒక వీడియోనే విడుదల చేశారు.

ఆపడానికి ముందు సినిమా నడుస్తుండగానే సెట్టింగ్స్‌లో Picture తెరవండి. తంటా ఏమిటంటే, ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది. శామ్‌సంగ్‌లో Expert Settings లోపల Picture Clarity Settings ఉంటుంది, దాన్ని Off చేయాలి. ఎల్‌జీలో TruMotion, సోనీలో Motion కింద Motionflow. మరికొన్ని టీవీల్లో MEMC అని ఉంటుంది. మోడల్‌ను బట్టి దారి కొంచెం మారుతుంది, మెనూలో Motion, Clarity అన్న మాటలు కనబడితే అక్కడ వెతకండి. 2019లో ప్రకటించిన Filmmaker Mode మీ టీవీలో ఉంటే ఇంకా తేలిక. దాన్ని ఎంచుకుంటే స్మూతింగ్ దానంతటదే ఆగిపోతుంది.

"ఆపాను, మళ్లీ వచ్చింది" అనేవాళ్లు ఎక్కువ. చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో పిక్చర్ మోడ్‌కు, ఒక్కో ఇన్‌పుట్‌కు వేరుగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్సులో ఆపింది ఓటీటీ యాప్‌కు వర్తించకపోవచ్చు. హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ సినిమా మొదలైతే మోడే మారిపోతుంది, అక్కడ మళ్లీ ఆపాలి. సరిగ్గా ఆగిందో లేదో చూడాలంటే కెమెరా మెల్లగా తిరిగే షాట్‌లో ఒక స్తంభం అంచును గమనించండి. జారిపోతున్నట్టు కాకుండా చిన్న చిన్న అడుగులేస్తూ కదిలితే ఆగినట్టే.

ఓఎల్‌ఈడీ టీవీల్లో పూర్తిగా ఆపితే ఆ అడుగులు కొందరికి మరీ కొట్టొచ్చినట్టుంటాయి. అలాంటివాళ్లు ఎల్‌జీలో Cinematic Movement, శామ్‌సంగ్‌లో Custom పెట్టి Judder Reduction ఒకటి రెండు అంకెల దగ్గర ఉంచుకోవచ్చు. క్రికెట్‌కు స్మూతింగ్ కావాలంటే Sports మోడ్‌లో దాన్ని అలాగే వదిలేసి, Cinema మోడ్‌లో మాత్రం ఆపండి.